ఒక చెవిలోనే పాట వస్తోందా? పలకని ఇయర్‌బడ్‌ని మళ్లీ జత కలపడం ఎలా

బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉండే మా పిన్ని కొడుకు ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ చేశాడు. "అన్నా, నా ఇయర్‌బడ్స్‌లో ఒకటి పోయింది. ఆఫర్ నడుస్తోంది, కొత్తవి ఆర్డర్ పెట్టేస్తున్నా. ఏవి మంచివో చెప్పు" అన్నాడు. పోయిందంటే బస్సులో పడేసుకున్నావా అని అడిగాను. "లేదన్నా, చేతిలోనే ఉంది. పలకట్లేదంతే." ఆర్డర్ పెట్టకుండా ఆగమని చెప్పి, మధ్యాహ్నం వాళ్ల పీజీకి వెళ్లాను. అక్కడ గంటసేపు ఏం చేశామో చెబుతూ మీరు ఇంట్లో ఎలా చేసుకోవాలో రాస్తాను. ఎందుకంటే వాడు అప్పటికే మూడుసార్లు రీసెట్ చేశాడు. అసలు చిక్కు అంతా ఆ మూడు రీసెట్లలోనే ఉంది.

ముందు ఒక్క విషయం తెలిస్తే మిగతా పని సగం తేలికవుతుంది. ఫోన్‌లో బ్లూటూత్ తెరిస్తే రెండు బడ్స్‌కీ కలిపి ఒకే పేరు కనబడుతుంది కదా. దాంతో ఫోన్ రెండింటితోనూ నేరుగా మాట్లాడుతోందని అనుకుంటాం. చాలా సెట్లలో అలా జరగదు. మామూలు బ్లూటూత్‌లో ఫోన్ పాటను ఒక బడ్‌కే పంపుతుంది. ఆ బడ్ తన వంతు తను వాయించి, రెండో వంతును పక్క చెవిలోని బడ్‌కి అందిస్తుంది. ఇంకొన్ని చిప్పుల్లో రెండో బడ్ ఫోన్‌కీ మొదటి బడ్‌కీ మధ్య నడిచే సంభాషణను పక్క నుంచి వింటూ తనకు కావలసింది తీసుకుంటుంది. అలా వినడానికి కావలసిన తాళంచెవి కూడా మొదటి బడ్ ఇవ్వాల్సిందే. ఎల్ఈ ఆడియో అనే కొత్త పద్ధతిలో ఫోన్ రెండు చెవులకూ విడివిడిగా పంపగలదు గానీ, దానికి ఫోనూ బడ్సూ రెండూ సపోర్ట్ చేయాలి.

అంటే పలకని బడ్‌కి తెగిపోయిన బంధం ఫోన్‌తో కాదు, తన జత బడ్‌తో. ఫ్యాక్టరీలోనే రెండింటికీ కొంగుముడి వేసి పంపుతారు. ఒకదాని బ్లూటూత్ అడ్రసూ, ఒక రహస్య తాళంచెవీ రెండోదాని మెమరీలో రాసి పెడతారు. ఆ ముడి ఊడినా రెండు బడ్సూ ఆరోగ్యంగానే ఉంటాయి. ఒకదాన్నొకటి గుర్తుపట్టవు, అంతే. ఫోన్‌లో ఎన్నిసార్లు డిస్కనెక్ట్ చేసి మళ్లీ కనెక్ట్ చేసినా ఫలితం లేకపోవడానికి కారణం ఇదే. మనం బాగు చేస్తున్నది తెగని తాడును.

ఈ ముడి ఎలా ఊడుతుంది? చాలాసార్లు మన చేతితోనే. బడ్‌ను తుడుస్తూ దాని టచ్ మీద వేలు పది సెకన్లు అలాగే ఉంచితే కొన్ని మోడళ్లలో ఆ ఒక్క బడ్ రీసెట్ అయిపోతుంది. రెండోదానికి ఆ సంగతి తెలియదు. యాప్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ నడుస్తుండగా ఒక బడ్ చార్జింగ్ అయిపోయినా, కేస్‌లోంచి తీసేసినా, ఒకటి కొత్త వెర్షన్‌లో, ఒకటి పాత వెర్షన్‌లో మిగిలిపోయి మాట కలవకపోవచ్చు. ఇక అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది మావాడు చేసినలాంటి సగం రీసెట్.

రీసెట్ కన్నా ముందు: బడ్ బతికే ఉందా?

రీసెట్ అన్ని రోగాలకూ మందు కాదు. చార్జింగ్ ఎక్కని బడ్‌ను ఎన్నిసార్లు రీసెట్ చేసినా పలకదు. కాబట్టి ముందు మూడు చిన్న పరీక్షలు చేయండి. చార్జింగ్ పెట్టే సమయం పోను అయిదు నిమిషాల పని.

కేస్‌ను ఒక అరగంట చార్జింగ్‌లో పెట్టి, బడ్స్ రెండూ లోపలే ఉంచండి. తరువాత పలకని బడ్ ఒక్కటే బయటికి తీసి, వెంటనే చెవిలో పెట్టుకోండి. చాలా బడ్స్ బయటికి రాగానే "పవర్ ఆన్" అని గానీ, ఒక చిన్న టింగుమనే శబ్దం గానీ వినిపిస్తాయి. ఆ శబ్దం ఫోన్ నుంచి రాదు, బడ్ సొంతంగా చేసేది. అది వినిపించిందంటే బ్యాటరీ బాగుంది, స్పీకరు బాగుంది, చిప్పు బాగుంది. ఆ తరువాత "పెయిరింగ్" అని కూడా అని, లైటు ఆగకుండా మిణుకుమిణుకుమంటోందంటే అది తన జత కోసం వెతుక్కుంటోంది. రీసెట్ పనిచేసే కేసు ఇదే.

శబ్దమూ లేదు, లైటూ లేదు అంటే చార్జింగ్ అందట్లేదు. బడ్ అడుగున ఉండే బంగారు రంగు చుక్కలను, కేస్ గుంతలో ఉండే చిన్న స్ప్రింగు పిన్నులను వెలుతురులో చూడండి. చెమటా గులిమీ కలిసి అక్కడ ఒక పొరలా కడతాయి. ఆకుపచ్చగా కనబడితే చిలుము. పొడి ఇయర్‌బడ్‌తో, అదే, చెవిలో తిప్పుకునే దూది పుల్లతో తుడవండి. మొండిగా ఉంటే పుల్ల కొసకు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అమ్మే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొంచెం తడిపి రుద్ది, పూర్తిగా ఆరనివ్వండి. పిన్నీసులు, సూదులు వద్దు. ఆ స్ప్రింగు పిన్ను ఒకసారి వంగిందంటే మళ్లీ లేవదు. కొత్తగా కొన్న సెట్ అయితే ఆ చుక్కల మీద పారదర్శకమైన ప్లాస్టిక్ పొర అతికించి ఉండొచ్చు, అది తీశారో లేదో చూసుకోండి. నవ్వకండి, దాన్ని తీయకుండా రిటర్న్ పెట్టినవాళ్లు నాకు తెలుసు.

ఇంకొకటి: "పవర్ ఆన్" గట్టిగా వినిపిస్తుంది, టచ్ చేస్తే టింగుమంటుంది, ఫోన్‌లో కనెక్ట్ అయ్యే ఉంది, అయినా పాట మాత్రం రాదు. ఇది బడ్ తప్పు కాకపోవచ్చు. ఫోన్ సెట్టింగ్స్‌లో Accessibility కింద ఎడమ కుడి శబ్దాన్ని సర్దే గీత ఒకటి ఉంటుంది. ఐఫోన్‌లో దాని పేరు Balance. అది ఒక పక్కకు పూర్తిగా జరిగిపోతే రెండో చెవి మూగబోతుంది. గీతను మధ్యలోకి తెస్తే పని అయిపోయింది. శబ్దం పూర్తిగా ఆగలేదు గానీ బాగా సన్నగా వస్తోందంటే రబ్బరు టిప్ తీసి లోపలి జాలీ చూడండి. గులిమి పూడుకుపోయి ఉంటుంది. మెత్తటి బ్రష్‌తో, బడ్‌ను తలకిందులుగా పట్టుకుని దులపండి.

చివరి పరీక్ష అన్నిటికన్నా గట్టిది. బాగా పలికే బడ్‌ను కేస్‌లో పెట్టి మూత వేసేయండి. పలకని బడ్ ఒక్కటే బయట ఉంచి, ఇంకెవరిదైనా ఫోన్‌లో బ్లూటూత్ వెతకండి. పేరు కనబడి, కనెక్ట్ అయి, ఆ ఒక్క బడ్‌లో పాట వినిపించిందంటే తీర్పు వచ్చేసినట్టే. రెండు బడ్సూ విడివిడిగా బాగున్నాయి, ముడి ఒక్కటే ఊడింది. కొత్త సెట్ కొనాల్సిన పని లేదు.

మావాడి సెట్‌లో ఏం జరిగింది

ముగ్గురు ఉండే గది. మంచం మీద బ్యాగు, బ్యాగులో ఆఫీసు ల్యాప్‌టాప్, కిటికీలో ఆరేసిన బట్టలు. పలకనిది ఎడమ బడ్. తీసి చెవిలో పెట్టుకుంటే "పవర్ ఆన్" అంది, "పెయిరింగ్" అంది, తెల్ల లైటు ఆగకుండా కొట్టుకుంటోంది. నా ఫోన్‌తో ఒంటరిగా కలిపితే పాట కూడా వచ్చింది. ఎడమది నిక్షేపంగా ఉంది. వాడి మొహం వెలిగిపోయింది.

సరే, రీసెట్ చేద్దామని కేస్ బటన్ నొక్కి పట్టుకున్నాం. లైట్లు మెరిశాయి. బయటికి తీస్తే మళ్లీ అదే కథ. వాడి ఫోన్‌లో బ్లూటూత్ ఆపేసే ఉంది. అయినా కుడి బడ్ బయటికి రాగానే "కనెక్టెడ్" అంది.

ఫోన్ ఆపేసి ఉంటే ఇది కనెక్ట్ అయింది ఎవరితో? బ్యాగులోని ల్యాప్‌టాప్‌తో. మూత వేశాడు గానీ పూర్తిగా ఆపలేదు. వాడు ల్యాప్‌టాప్‌ను తిట్టడం మొదలుపెట్టాడు గానీ, నాకు అనుమానం ఇంకోచోట తగిలింది. నిజంగా రీసెట్ అయిన బడ్‌కి పాత పరిచయాలేవీ గుర్తుండకూడదు. ల్యాప్‌టాప్‌ను గుర్తుపట్టిందంటే కుడి బడ్ రీసెట్ కానే లేదన్నమాట. అంటే పాట పాడుతున్న బడ్‌లోనే లోపం ఉంది, మూగబోయింది దాని బాధితురాలు.

"మొట్టమొదట ఏది ఆగిపోయింది?" అని అడిగాను. వాడు కాసేపు ఆలోచించి, "మొదట రెండు రోజులు కుడిదే పలకలేదన్నా. వీడియో చూసి రీసెట్ చేశాక ఎడమది ఆగిపోయింది" అన్నాడు. ఈ మాట వాడు ఫోన్‌లోనే చెప్పుంటే నాకు బస్సు చార్జీ మిగిలేది.

కుడి బడ్‌ను కేస్ గుంతలో పెట్టి చూశాను. మిల్లీమీటరంత పైకి లేచి నిలబడుతోంది. మారతహళ్లి బ్రిడ్జి దగ్గర తోపుడుబండి మీద పెద్ద సైజు రబ్బరు టిప్స్ కొని వేసుకున్నాడట, చెవిలోంచి జారిపోతోందని. ఎడమ చెవికి పాతవే సరిపోయాయి, కుడిదానికి ఒక్కదానికే మార్చాడు. ఆ లావు టిప్ గుంతలో పట్టక, బడ్ అడుగు పిన్నులకు సరిగా తగలట్లేదు. మూత వేస్తే ఒక్కోసారి తగులుతుంది, ఒక్కోసారి తగలదు.

ఇప్పుడు కథ మొత్తం వరుసగా పేర్చితే ఇలా ఉంటుంది. టిప్ మార్చాక కుడి బడ్‌కి రాత్రుళ్లు చార్జింగ్ ఎక్కలేదు. పైగా తను కేస్‌లో ఉన్నానన్న సంగతి కూడా దానికి తెలియలేదు, ఎందుకంటే ఆ సంగతి తెలిసేదీ పిన్నుల ద్వారానే. అందుకని రాత్రంతా ఫోన్‌తో కనెక్ట్ అయ్యే ఉండి, తెల్లారేసరికి ఖాళీ అయిపోయింది. వాడు పోయిందనుకుని రీసెట్ కొట్టాడు. కేస్ బటన్ నొక్కితే ఆ ఆదేశం కూడా ఆ పిన్నుల గుండానే బడ్‌కి చేరాలి. ఎడమదానికి చేరింది, కుడిదానికి చేరలేదు. ఎడమది అన్నీ మర్చిపోయింది. కుడిది ఏమీ మర్చిపోలేదు. తరువాత ఎప్పుడో మూత ఒత్తిడికి కుడిదానికి చార్జింగ్ ఎక్కి లేచి, పాత ఫోన్‌తో హాయిగా కలిసిపోయింది. ఎడమది ఎవరూ తెలియని ఊళ్లో దిగినదానిలా నిలబడిపోయింది.

పెద్ద టిప్ తీసి పాతది వేశాం. పిన్నులు తుడిచాం. బడ్ టక్కున కూర్చుంది, లైటు వెలిగింది. ఆ తరువాత చేసిన రీసెట్ ఒక్కసారికే పట్టింది. ఆ రీసెట్‌నే ఇప్పుడు వరుసగా చెబుతాను.

రీసెట్, వరుస తప్పకుండా

ఇక్కడ వరుసే ముఖ్యం. బడ్స్ ముందు ఒకదాన్నొకటి కలవాలి, ఫోన్ ఆఖర్న రావాలి. ఫోన్ ముందే మేలుకుని ఉంటే, బడ్స్ ఒకదాన్నొకటి వెతుక్కునేలోగా ఏదో ఒక బడ్‌ను లాగేసుకుంటుంది.

1. పాత పరిచయాలన్నీ తుడిచేయండి. ఫోన్ బ్లూటూత్ జాబితాలో బడ్స్ పేరు పక్కన ఉన్న గుర్తు నొక్కితే Forget లేదా Unpair కనబడుతుంది. ఐఫోన్‌లో Forget This Device. విండోస్ ల్యాప్‌టాప్‌లో Remove device. ఒకే పేరు రెండుసార్లు ఉంటే, లేదా పేరు చివర L, R అని విడివిడిగా ఉంటే, అన్నీ తీసేయండి. అలా రెండు పేర్లు కనబడటం చాలాసార్లు ముడి ఊడిందనడానికి సాక్ష్యం. ట్యాబ్, టీవీ, పాత ఫోన్, దేనితోనైనా ఎప్పుడైనా కలిపి ఉంటే అక్కడా తీసేయండి.

2. వాటన్నిటిలో బ్లూటూత్ ఆపేయండి. ఐఫోన్ వాడేవాళ్లు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. స్క్రీన్ పైనుంచి లాగే Control Center‌లోని బ్లూటూత్ బటన్ దాన్ని పూర్తిగా ఆపదు, అప్పటికి కనెక్షన్లు తెంపుతుంది అంతే. Settings లోకి వెళ్లి ఆపాలి.

3. రెండు బడ్సూ కేస్‌లో పెట్టి, మూత తెరిచే ఉంచి, రెండింటి లైట్లూ వెలుగుతున్నాయా చూడండి. కొన్ని కేసుల్లో బడ్స్‌కి విడిగా లైట్లు ఉండవు. అప్పుడు ఒక్కొక్కటే పెట్టి కేస్ లైటు స్పందిస్తోందా గమనించండి. ఒకదానికి స్పందించకపోతే ఇక్కడే ఆగి పిన్నుల సంగతి చూడండి. ముందుకు వెళ్తే మావాడిలాగే సగం రీసెట్ అవుతుంది, ఉన్న చిక్కు ఇంకా ముదురుతుంది. లైట్లు సరిగా ఉంటే మూత వేసి ఇరవై ముప్పై నిమిషాలు చార్జింగ్‌లో పెట్టండి.

4. ఇప్పుడు రీసెట్. పద్ధతి మోడల్‌ను బట్టి మారుతుంది గానీ మూడు రకాల్లో ఒకటై ఉంటుంది. కేస్ మీద బటన్ ఉంటే, బడ్స్ లోపల ఉంచి, మూత తెరిచి, దాన్ని పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోవాలి. కేస్ వెనక బటన్ ఉండే ఎయిర్‌పాడ్స్‌ది ఇదే దారి: లైటు ముందు పసుపు రంగులో మెరిసి, తరువాత తెల్లగా మెరిసేదాకా వదలకూడదు. బటన్ లేని కేస్ అయితే, రెండు బడ్స్‌నూ వాటి గుంతల్లోనే ఉంచి, రెండింటి టచ్‌ల మీదా ఒకేసారి వేళ్లు పెట్టి పది సెకన్ల పైన పట్టుకోవడం మామూలు. మూడో రకంలో బడ్స్ బయటికి తీసి, వరుసగా నాలుగో అయిదో సార్లు తట్టాలి. మీదే రకమో మాన్యువల్‌లో ఉంటుంది. మాన్యువల్ పారేసి ఉంటే కేస్ మూత లోపల గానీ అడుగున గానీ చీమ తలకాయంత అక్షరాల్లో మోడల్ నంబరు ఉంటుంది, ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చదివి, దాంతో వెతకండి. అక్కడే R- అని మొదలయ్యే ఇంకో నంబరు కూడా కనబడుతుంది. అది భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఇచ్చే రిజిస్ట్రేషన్‌ది, మోడల్ నంబరు కాదు.

ఏ రకమైనా చూడాల్సింది ఒకటే: రెండు బడ్స్ లైట్లూ ఒకేలా మెరిశాయా? ఒకటే మెరిసి రెండోది కదలకపోతే రీసెట్ సగమే అయింది. మళ్లీ చేయండి.

5. మూత వేసి పది సెకన్లు వదిలేయండి. తరువాత మూత తెరిచి రెండు బడ్స్‌నూ ఒకేసారి, రెండు చేతులతో, బయటికి తీసి బల్ల మీద పక్కపక్కన జానెడు దూరంలో పెట్టండి. చెవుల్లో పెట్టుకోకండి. బ్లూటూత్ తరంగాలు తలను దాటి వెళ్లడానికి ఇబ్బంది పడతాయి. పైగా లైట్లు కనబడాలంటే బల్ల మీదే ఉండాలి.

6. లైట్లను చూస్తూ అర నిమిషం ఆగండి. మొదట రెండూ గబగబా కొట్టుకుంటాయి. కాసేపటికి ఒకదాని లైటు ఆరిపోతుంది, లేదా నెమ్మదిస్తుంది. రెండోది కొట్టుకుంటూనే ఉంటుంది. మనం ఎదురుచూసేది ఈ తేడా కోసమే. ఆరిపోయిన బడ్ జతకు లోబడింది, కొట్టుకుంటున్నది ఇద్దరి తరఫునా ఫోన్ కోసం చూస్తోంది. నిమిషం దాటినా రెండూ ఒకేలా కొట్టుకుంటుంటే ముడి పడలేదు. కొన్ని మోడళ్లలో ఒక బడ్‌ను రెండుసార్లు తట్టి వెతుకులాట మొదలుపెట్టాలి, అదీ మాన్యువల్‌లో ఉంటుంది.

7. ఇప్పుడు, ఇప్పుడే, ఫోన్‌లో బ్లూటూత్ తెరవండి. ఒకే పేరు కనబడాలి. దాన్ని నొక్కండి. రెండు పేర్లు కనబడితే దేన్నీ ముట్టుకోకుండా బ్లూటూత్ ఆపేసి, మూడో మెట్టుకు వెనక్కి వెళ్లండి. ఇందులో ఒక మినహాయింపు ఉంది. LE_ అని మొదలయ్యే రెండో పేరు కనబడితే కంగారుపడకండి, అది అదే సెట్ ఇంకో రకం కనెక్షన్ కోసం చూపించుకునే పేరు, వదిలేయండి. ఇక కొన్ని ఫోన్లలో మొదటి బడ్ కలవగానే రెండోదాని కోసం ఇంకోసారి Pair అడుగుతూ పెట్టె వస్తుంది. అది వస్తే ఒప్పుకోండి. చూసుకోకుండా కొట్టేస్తే మళ్లీ ఒక చెవే మిగులుతుంది.

పీజీల్లో ఉండేవాళ్లకు ఒక హెచ్చరిక. మావాడి రూమ్మేట్ దగ్గర కూడా అదే మోడల్, అదే నలుపు. చవక సెట్లలో రీసెట్ అయిన బడ్ తన మోడల్‌దే ఏ బడ్ దగ్గర్లో వెతుకుతున్నా దానితో కలిసిపోగలదు. మీ ఎడమది వెళ్లి పక్క మంచం మీది కుడిదానితో ముడి వేసుకుంటే రెండు సెట్లూ చెడతాయి. అందుకని రీసెట్ చేసేటప్పుడు వాళ్ల బడ్స్ కేస్‌లో మూత వేసి ఉండాలి. అసలు పొద్దున హడావిడిలో ఒకరి బడ్ ఒకరు తీసుకెళ్లడం వల్లే ఇద్దరికీ ఒక్కో చెవి ఆగిపోయిన సందర్భాలూ ఉంటాయి. ఒకే మోడల్ ఉన్న గదిలో ముందు ఆ అనుమానం తీర్చుకోండి. మేమైతే వాళ్ల కేస్ అడుగున చిన్న నెయిల్ పాలిష్ చుక్క పెట్టించాం. ఎవరి నెయిల్ పాలిష్ అని అడగొద్దు.

రీసెట్ పనిచేయని చోట

ఒంటరిగా కూడా ఏ ఫోన్‌లోనూ కనబడని, చార్జింగ్‌కి స్పందించని బడ్ మీద సమయం పోయకండి. నెలల తరబడి డ్రాయర్‌లో పడేసిన సెట్ అయితే బ్యాటరీ అడుగంటి ఉంటుంది. ఈ బ్యాటరీలు చాలావరకు 30 నుంచి 60 ఎంఏహెచ్ మాత్రమే. ఒక రాత్రంతా చార్జింగ్‌లో ఉంచి చూడండి, కొన్ని లేస్తాయి. లేవకపోతే అంతే. రెండు మూడేళ్లు వాడినవాటిలో ఒక బడ్ ముందు అలసిపోవడం కూడా మామూలే. ఒక చెవిలోనే పెట్టుకుని కాల్స్ మాట్లాడే అలవాటుంటే ఆ బడ్ ఎక్కువసార్లు చార్జ్ అవుతుంది, ముందు అరిగిపోతుంది.

విడిగా ఒక బడ్ కొని తెచ్చుకుంటే అన్నిసార్లూ జత కలవదు. మోడల్ ఒకటే అయినా లోపలి సాఫ్ట్‌వేర్ వెర్షన్ వేరైతే ఒకదాని మాట ఒకదానికి అర్థం కాకపోవచ్చు. ఎస్పీ రోడ్డులో ఎవరైనా ఒంటి బడ్ అమ్మజూపితే, మీ కేస్‌లో పెట్టి, అక్కడే రీసెట్ చేసి, రెండూ కలిసి పాడాకే డబ్బులివ్వండి. అప్‌డేట్ మధ్యలో తెగినదయితే, రీసెట్ తరువాత కంపెనీ యాప్ తెరిచి రెండు బడ్సూ కేస్‌లో ఉంచి అప్‌డేట్ మళ్లీ పూర్తిగా నడవనివ్వాలి.

వారంటీలో ఉంటే బడ్‌ను విప్పించకండి. ఒక బడ్ పలకకపోవడం, లైట్ల తీరు, ఒంటరి పరీక్ష ఫలితం, ఈ మూడూ కనబడేలా ఒక నిమిషం వీడియో తీసి బిల్లుతో పాటు ఉంచుకోండి. సర్వీస్ సెంటర్‌లో బల్ల దగ్గరికి వెళ్లేసరికి బడ్స్ బుద్ధిగా పలకడం నేను చూశాను.

ఇక ప్రతి చిన్న తెగుడుకూ రీసెట్ కొట్టకండి. సిల్క్ బోర్డు దగ్గర కిక్కిరిసిన బస్సులో ఒక చెవిలో పాట అర సెకను ఆగి మళ్లీ వస్తోందంటే అది గాలిలో రద్దీ. చుట్టూ ఉన్న బ్లూటూత్‌లు, వైఫైలు చాలావరకు అదే 2.4 గిగాహెర్ట్జ్‌లో తోసుకుంటుంటాయి. ఫోన్‌ను వెనక జేబులోంచి తీసి చొక్కా జేబులో పెట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది. ముడి ఊడినప్పుడు శబ్దం తెగి తెగి రాదు, అసలు రానే రాదు.

రీసెట్ అయ్యాక ఆఖరి పరీక్ష మరుసటి రోజు పొద్దున. రాత్రి రెండు బడ్సూ కేస్‌లో పెట్టి, మూత వేసి పడుకోండి. తెల్లారి మూత తెరిచి రెండూ తీస్తే, మీరు ఏమీ నొక్కకుండానే, పది సెకన్లలోపు రెండు చెవుల్లోనూ పలకాలి. పలికితే ముడి మెమరీలో గట్టిగా పడింది. మళ్లీ ఒకటే పలికితే రీసెట్‌ని కాదు, ఆ రాత్రి చార్జింగ్ అందని బడ్‌ని అనుమానించండి.

సోమవారం 500డి బస్సులోంచి మావాడు మెసేజ్ పెట్టాడు: రెండూ పాడుతున్నాయి, కానీ కుడిది చెవిలోంచి మళ్లీ జారుతోందట, ఆ పెద్ద టిప్‌ను కత్తెరతో కొంచెం కత్తిరిస్తే గుంతలో పడుతుందా అని అడుగుతున్నాడు.